గొలుసు గద: దెబ్బ సరే, అదుపు ఎవరి చేతిలో?

కోటగోడ: యూరప్ యోధులు వాడిన గొలుసు గద (ఫ్లెయిల్), ముళ్ల గద (మార్నింగ్ స్టార్) కవచాన్ని కూడా నుజ్జు చేసేవని చదివాను. అంత బలమైన ఆయుధాలను అదుపు చేయడం కష్టమని కూడా అదే చోట రాశారు. బలం ఎక్కువైతే అదుపు తగ్గుతుందా? లేక అలవాటు లేనివాళ్లు చెప్పే సాకా?

సుడిగాలి: సాకు కాదు, భౌతికశాస్త్రమే. గొలుసు చేతి బలాన్ని రెట్టింపు చేస్తుంది. కొరడా కొసలాగా చివర ఉన్న గుండు విపరీతమైన వేగం అందుకుంటుంది. అంత శక్తి చేతిలో ఇమడదు కాబట్టి అదుపు తప్పుతుంది.

పాత ఇనుము: సుడిగాలి గారూ, కొరడా పోలిక వరకు ఒప్పుకుంటాను, రెట్టింపు మాట ఒప్పుకోను. శక్తి అంతా చేతి నుంచే రావాలి, గొలుసు కొత్తగా ఏమీ పుట్టించదు. పిడి ఆగినప్పుడు ఆ ఊపంతా గుండులోకి చేరుతుంది, అంతే. పైగా తగిలే క్షణంలో గుండు ఒక్కటే తగులుతుంది. మామూలు గద తగిలినప్పుడు వెనుక ఉన్న కర్ర, చెయ్యి కూడా కొంత తోడవుతాయి. గొలుసు వల్ల దక్కే అసలు లాభం వేరు: దెబ్బ అదురు మణికట్టు దాకా రాదు.

నష్టం కూడా అక్కడే ఉంది. అదురు ఇటు రానట్టే ఆజ్ఞ అటు పోదు. గొలుసును లాగగలం కానీ నెట్టలేం. గట్టి పిడి ఉన్న గదను గాలిలోనే మణికట్టుతో తిప్పి దారి మార్చవచ్చు, సగంలో ఆపవచ్చు. గొలుసు చివరి గుండుకు మీరు ఇవ్వగలిగింది లాగుడు ఒక్కటే.

ఒక లెక్క వేద్దాం. గొలుసు 30 సెంటీమీటర్లు, గుండు అరకిలో, వేగం సెకనుకు 10 మీటర్లు అనుకోండి. మీరు కొట్టారు, ఎదుటివాడు తప్పుకున్నాడు, మీరు పిడిని ఆపేశారు. గుండు ఆగదు, పిడి కొస చుట్టూ తిరుగుతుంది. సగం చుట్టు అంటే సుమారు 94 సెంటీమీటర్లు, దానికి పట్టేది సెకనులో పదో వంతు కంటే తక్కువ. కంటితో చూసి చేతిని కదపడానికి మనిషికి దాదాపు 0.2 సెకను కావాలి. అంటే తప్పిపోయిందని మీకు తెలిసేలోపే గుండు వెనక్కి తిరిగి మీ ముంజేతి వైపు వచ్చేస్తుంది. ఆ తిరుగుడులో అది పిడిని లాగే లాగుడు దాదాపు 17 కిలోల బరువును వేలాడదీసినంత. బరువును మోయగలం కానీ అది ఏ వైపుకు లాగుతుందో క్షణానికోసారి మారుతుంటే నిలదొక్కుకోవడమే కష్టం.

కర్రసాము: మా ఊళ్లో కర్రసాము నేర్చుకునే రోజుల్లో మేం ఇదే తెలివి చూపించాం. పాత మేజోడులో చింతగింజలు కుక్కి, తాడుతో కర్ర చివర కట్టి తిప్పాను. తిప్పుతున్నంతసేపు బ్రహ్మాండంగా ఉంది. ఆపాలనుకున్నప్పుడు మోచేతి వెనుక ఎముక మీద తగిలింది, రెండు రోజులు అన్నం ఎడమ చేత్తోనే. గురువుగారు నవ్వి, తాడు పొడవు చూడమన్నారు, అంతకుమించి చెప్పలేదు. కర్ర జానెడు, తాడు మూరెడు. అది చింతగింజలు కాక ఇనుము అయి ఉంటే ఈ మాట రాయడానికి చెయ్యి ఉండేది కాదు.

పాత ఇనుము: మీ గురువుగారు అసలు విషయం పట్టుకున్నారు. యూరప్‌లో ధాన్యం నూర్చే కర్ర చూడండి. రెండు చేతులతో పట్టుకునే పొడవైన పిడి, దాని కొసకు తోలు పట్టీతో కట్టిన పొట్టి కర్ర. కొట్టే ముక్క పిడి కంటే పొట్టి, పట్టీ బెత్తెడు, కాబట్టి ఎంత తిరిగినా పట్టుకున్న చేతిని అందుకోలేదు. 1419 తర్వాత నేటి చెక్ దేశంలోని బొహీమియాలో చర్చి మీద తిరగబడ్డ హుస్సైట్ రైతులు ఆ పనిముట్టుకే ఇనుప పట్టీలు, ముళ్లు బిగించి యుద్ధానికి తెచ్చారు. వాళ్ల సేనాపతి యాన్ జిజ్కా వాళ్లను గోడలా వరుసగా నిలిపిన బండ్ల కోట వెనుక నిలబెట్టాడు. నా ఉద్దేశంలో అదుపు సమస్యను సగం ఆ బండే తీర్చింది. ఎత్తు నుంచి కిందికి కొట్టడం, మధ్యలో బండి పలక అడ్డం. గురి తప్పినా ఊపు నేలమీదనో పలకమీదనో చచ్చిపోతుంది. బాల్యమంతా కళ్లంలో గడిచిన చేతులు కదా, ఆ లయ వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

గదాధరుడు: అయ్యా, భీముడు గద తిప్పితే అదుపు తప్పిందని ఎక్కడైనా విన్నామా? అభ్యాసం ముఖ్యం. ముళ్ల గద గొలుసును చిన్నప్పటి నుంచి తిప్పినవాడికి ఇవన్నీ లెక్క కాదు.

పాత ఇనుము: గదాధరుడు గారూ, భీముడి గదకు గొలుసు లేదండీ! ముళ్ల గదకు కూడా చాలా చోట్ల గొలుసు ఉండదు. బొమ్మల్లో రెండింటినీ కలిపేశారు. జర్మన్ భాషలో రెండింటికీ ఒకే పేరు వాడేవాళ్లు కాబట్టి ఆ గందరగోళం పాతదే. 1653లో స్విట్జర్లాండ్‌లో తిరగబడ్డ రైతులు పట్టుకున్నవి మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలు. వాటి కష్టం వేరే రకం. బరువంతా కొసన ఉంటుంది కాబట్టి ఊపు అందుకోవడానికి ఆలస్యం, ఆపడానికి ఆలస్యం. మేకు డాలు చెక్కలో దిగితే పీక్కోవాలి, ఆలోగా పక్కవాడు ఊరుకోడు. కానీ కొస ఎక్కడ ఉందో చేతికి తెలుస్తూనే ఉంటుంది.

కోటగోడ: మరి డాలు అంచు మీదుగా గొలుసు చుట్టుకుని వెనుక ఉన్నవాడికి తగులుతుందంటారు కదా? ఆ లాభం కోసం ఈ కష్టమంతా భరించవచ్చేమో.

సుడిగాలి: అదే నేను చెప్పబోతున్నాను. గొలుసు అంచుకు తగలగానే మిగిలిన ముక్క పొట్టిదవుతుంది, గుండు వేగం తగ్గకుండానే ఇంకా బిగువుగా తిరిగి లోపలికి దూసుకుపోతుంది. దీన్ని ఏ కత్తీ చేయలేదు.

పాత ఇనుము: ఈసారి మీ మాట నిజం. డాలు పట్టిన చేతికి అది చెడ్డ దెబ్బే. ఆ తర్వాత ఏమవుతుందో కూడా చెప్పండి. చుట్టుకున్న గొలుసు చిక్కుకుంటే అవతలివాడు డాలును వెనక్కి లాగుతాడు, మీ చెయ్యి దాని వెంట పోతుంది. గుండు డాలు మధ్యలో తగిలితే ఎగిరి ఏ వైపుకు వస్తుందో ఎవరికీ తెలియదు. వరుసలో మీ పక్కన నిలబడ్డ మిత్రుడికి అసలు తెలియదు. భుజానికి భుజం కలిపి నిలబడే సేనలో పొడవైన గొలుసు పట్టుకున్నవాడి పక్కన నేనైతే నిలబడను.

అందుకే పొడవైన గొలుసు, ఒంటిచేతి పిడి, పెద్ద ముళ్ల గుండు ఉన్నవి అప్పట్లో విరివిగా వాడారంటే నేను నమ్మను. మ్యూజియాల్లో ఉన్న అలాంటివాటిలో చాలావరకు తర్వాతి కాలంలో, ముఖ్యంగా 19వ శతాబ్దంలో తయారైనవని పరిశోధకులు అనుమానిస్తున్నారు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పౌలుస్ హెక్టర్ మైర్ 1540లలో తయారు చేయించిన యుద్ధవిద్యల చిత్ర గ్రంథంలో ఉన్నది కూడా రెండు చేతుల నూర్పిడి కర్రే. (ఆయన నగర ఖజానా సొమ్ము వాడుకున్నందుకు 1579లో ఉరికంబం ఎక్కాడు. ఈ చర్చకు సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.)

స్టెప్పీ గుర్రం: ఒంటిచేతివి లేవనడం తొందరపాటు. పాత రష్యా నేలల్లో తవ్వకాల్లో ఎముకతో, కంచుతో, ఇనుముతో చేసిన చిన్న గుండ్లు బోలెడు దొరికాయి. పట్టీకి కట్టి తిప్పే కిస్తెన్ అవే. కొరియాలో 1790 నాటి యుద్ధవిద్యల గ్రంథంలో గుర్రం మీద నుంచి వాడే గొలుసు కర్రకు ప్రత్యేక అభ్యాసం ఉంది. గుర్రం పరుగెత్తుతుంటే ఒక దెబ్బ కొట్టి ముందుకు పోతాం. తప్పినా ఎదుటివాడు అప్పటికే వెనుక పడిపోతాడు.

పాత ఇనుము: కిస్తెన్ మాట ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, గుండు చిన్నది, తేలికది. కొరియా కర్రలో కొట్టే ముక్క పిడి కంటే చాలా పొట్టి. నిజంగా వాడినవాళ్లు బరువునో పొడవునో తగ్గించుకున్నారు.

స్టెప్పీ గుర్రం: తగ్గించుకున్నారంటే వాడారనే కదా. గుర్రం తల సంగతి మాత్రం నాకూ తేలలేదు. తప్పిన గుండు తిరిగి వచ్చేది రౌతు చేతి మీదికే కాదు, గుర్రం చెవుల మీదికి కూడా.

కర్రసాము: ఈ ఆదివారం తాడు జానెడు, కర్ర మూరెడు చేసి మళ్లీ తిప్పి చూస్తాను. చింతగింజలే. గుర్రం లేదు కాబట్టి ఆ ప్రశ్న మీకే వదిలేస్తున్నాను.