సార్ "పెండింగ్ అంతా తీసి పెట్టు" అన్నారు, ఏం తీయాలి?

మండలాఫీసు బంటు: మధ్యాహ్నం నుంచి దీని మీదే ఉన్నాను. ఫోన్‌లో "పంచాయతీల పన్నుల పెండింగ్ అంతా షీట్ చేసి రేపు పెట్టు" అన్నారు. చేసి చూపిస్తే "అది కాదయ్యా". మళ్ళీ అడిగితే "ఇది కూడా చెప్పాలా" అంటారు. ఫార్మాట్ ఉంటే పంపండి.

పాత సూపరింటెండెంట్: ఏ పన్ను? ఏ తేదీ వరకు?

మండలాఫీసు బంటు: ఇంటి పన్నే కదండీ, ఇంకేముంటుంది.

ఫైలే దైవం: ఫోన్ మాటకు విలువ లేదు. నోట్ ఫైల్ పెట్టి సంతకం తీసుకోండి. ఆఫీసుకొచ్చే ప్రతి కాగితాన్నీ రిజిస్టర్‌లో ఎక్కించే టాటెన్‌హామ్ పద్ధతి ఎందుకు పెట్టారు? ఈ రోజుల్లో పర్సనల్ రిజిస్టర్ రాసేవాడే లేడు.

బెంచి మీది కోడర్: మా మేనేజరూ ఇంతే. నేను పది ప్రశ్నలు రాసి పంపేస్తా, జవాబిచ్చేదాకా పని మొదలుపెట్టను.

పాత సూపరింటెండెంట్: మీటింగ్‌లో ఉన్న మనిషి పది ప్రశ్నలకు జవాబు రాయడు. ప్రశ్నలు వద్దు, మీకు అర్థమైందే రాయండి. ఆయన తప్పున్న నంబరు చెబితే చాలు. ఇలా:

"సార్, రేపటి షీట్ గురించి నాకు అర్థమైంది:
1. ఇంటి పన్ను మాత్రమే. నీటి పన్ను కలపడం లేదు.
2. పోయిన మార్చి 31 నాటి పాత బకాయి ఒక కాలమ్, ఈ ఏడాది డిమాండులో మిగిలింది ఇంకో కాలమ్.
3. వసూళ్ళు నిన్నటి రసీదుల వరకు.
4. పంచాయతీవారీగా, చివర మండలం మొత్తం.
రేపు 11కి పెడతాను. మార్చాలంటే నంబరు చెప్పండి."

నాలుగైదు దాటితే చదవరు. ఎలా చేసినా తేడా రాని సంగతి రాయొద్దు.

ఫైలే దైవం: రెండోది అనవసరం. పెండింగ్ అంటే పాత బకాయే.

పాత సూపరింటెండెంట్: మీ ఆఫీసులో కావచ్చు. మా దగ్గర వసూలు కానిదంతా పెండింగే. అందుకే అది రాయాలి.

బెంచి మీది కోడర్: "జవాబు రాకపోతే ఇలాగే చేస్తాను" అని చివర తగిలిస్తే సరి.

పాత సూపరింటెండెంట్: షీట్ రూపం వరకైతే సరే. అంకె మారే 2, 3లకు ఆయన మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు, ఫోన్ చేసి అడగాలి. ఇంకోటి, ఇలా రాసి పంపితే సాక్ష్యం దాచుకుంటున్నాడనుకునే అధికారులుంటారు. అలాంటాయనకు ఎదురుగా నిలబడి ఇవే నోటితో చెప్పండి.

మండలాఫీసు బంటు: పంపాను. "1 తప్పు, నీటి పన్నూ కావాలి. 4లో సగం కూడా వసూలు కాని పంచాయతీలు చాలు" అన్నారు. 2 గురించి ఏమీ అనలేదు. ఫోన్ ఎత్తడం లేదు. రెండు కాలమ్‌లూ పెట్టేస్తున్నా. థాంక్సండీ.

ఫైలే దైవం: ఆ మెసేజ్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టారా?