రోటా చుక్కలకి వయసు దాటిందా, లేదా? తలో మాట చెబుతున్నారు

లక్కీ వాళ్ళమ్మ (గుంటూరు): పొద్దున్నుంచి అందరికీ ఫోన్లు చేసి విసుగొచ్చేసింది. మా పాపకి విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు పడలేదు. ప్రైవేటు డాక్టరుగారు వయసు దాటింది, ఇక వేయనన్నారు. మా ఆశా కార్యకర్తేమో ఏం ఫర్వాలేదు, తీసుకురండి అంటోంది. పక్కింటి బాబు వాంతులు, విరేచనాలతో సెలైన్ ఎక్కించుకుని నిన్ననే ఇంటికొచ్చాడు. నాకు టెన్షన్‌గా ఉంది. వేయించాలా, వద్దా?

పటమట ప్రసాద్: వయసెంత? వారాల్లో చెప్పండి.

మాష్టారు (తెనాలి): అమ్మా, అసలు జబ్బంతా నీళ్లలో ఉంది. 2018లో గుంటూరులో ఏం జరిగిందో అప్పుడే మరిచిపోయారా? నీళ్లు తెర్లేదాకా కాచి, వడకట్టి, మూత పెట్టుకోండి. మా పిల్లలకి ఈ చుక్కలు ఎవరు వేశారు?

సునీత (ఏఎన్‌ఎం, విజయవాడ): కాచిన నీళ్లు మంచివే మాష్టారూ. కానీ తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు తాగని పిల్లలకీ రోటా వస్తోంది. డైపర్ మార్చిన చేతుల నుంచి, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల నుంచి అంటుకుంటుంది. 2018లో జరిగింది పైపుల్లో మురుగు కలిసిన గొడవ, అది వేరు. లక్కీ వాళ్ళమ్మగారూ, కార్డు చూసి ఏమేం పడ్డాయో చెప్పండి.

లక్కీ వాళ్ళమ్మ: నాలుగు నెలలు నిండాయి. పెంటా ఇంజక్షన్లు మూడూ అయ్యాయి. మొదటిసారి కొంచెం పల్చగా వెళ్తోందని రోటా ఆపారు, తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అప్పుడు రెండు చుక్కలు వేశారు మరి, అవి రోటా కావా?

సునీత: అవి పోలియో. రోటాకి కార్డులో వేరే గడి ఉంటుంది. పల్చగా వెళ్తోందని ఆపాల్సిన పని లేదండీ. ఒళ్లు వాడిపోయేంత విరేచనాలైతేనే తగ్గేదాకా ఆగుతాం.

చిన్ను డాడీ: నాలుగు నెలలంటే 16 వారాలేగా.

ప్రసాద్: కాదు. 17 దాటతాయి. ఈ లెక్క దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు.

లక్కీ వాళ్ళమ్మ: లెక్కేశాను, ఇవాళ్టికి 18 వారాలు.

సునీత: డాక్టరుగారు, ఆశా ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు. పిల్లల డాక్టర్ల సంఘం లెక్కలో మొదటి డోసు 15 వారాలు నిండకముందే పడాలి. ప్రభుత్వ టీకాల్లో మాత్రం ఏడాదిలోపు ఎప్పుడొచ్చినా మొదలుపెడతాం.

ఈ తేడాకి కారణం పేగు. 1999లో అమెరికాలో ఒక పాత రోటా టీకాని ఆపేశారు. అది వేసిన కొందరు పిల్లల్లో పేగు పక్క పేగులోకి దూరిపోయింది. టీకా లేకపోయినా ఈ జబ్బు నాలుగు నుంచి ఏడు నెలల మధ్య ఎక్కువగా వస్తుంది. అందుకే ఆ వయసుకి ముందే మొదలుపెట్టమంటారు. ఇప్పటి టీకాలతో ఆ ప్రమాదం చాలా అరుదు. మన దగ్గర పిల్లలు టీకాలకి ఆలస్యంగా వస్తుంటారు, వాళ్లని వెనక్కి పంపితే విరేచనాలతో పోయే ప్రాణాలే ఎక్కువని ప్రభుత్వం వయసు పెంచింది.

మీ పాపకి ఈ వారం వేయిస్తే రెండోది 22 వారాలకి, మూడోది 26కి వస్తాయి. మధ్యలో నాలుగు వారాలు తగ్గకూడదు. ముందూ వెనకా పాలు పట్టొచ్చు. వేయగానే మొత్తం కక్కేస్తే అక్కడే సిస్టర్‌కి చెప్పండి, ఇంటికొచ్చాక చెబితే లాభం లేదు.

చిన్ను డాడీ: మూడు కాదండీ, రెండే. మా వాడికి రెండే వేశారు.

ప్రసాద్: అది ప్రైవేటులో ఒక కంపెనీది. ప్రభుత్వానిది మూడు.

చిన్ను డాడీ: అయినా మావాడికి తర్వాత విరేచనాలయ్యాయి. దండగ.

సునీత: ఆసుపత్రిలో చేర్చారా?

చిన్ను డాడీ: లేదు, ఓఆర్‌ఎస్‌తో తగ్గింది.

సునీత: విరేచనాలు తెచ్చే క్రిములు బోలెడు, ఇది రోటా ఒక్కదానికే. 2014లో బయటికొచ్చిన మన దేశపు ట్రయల్‌లో తీవ్రమైన రోటా విరేచనాలు మొదటి ఏడాదిలో సగానికి పైగా తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. కాబట్టి టీకా వేయించినా ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉండాల్సిందే.

లక్కీ వాళ్ళమ్మ: మరి వేశాక పేగుకి ఏమైనా అయితే ఎలా తెలుస్తుంది సిస్టర్?

సునీత: ముఖ్యంగా మొదటి డోసు తర్వాత వారం రోజులు గమనించండి. కాళ్లు పొట్టకేసి ముడుచుకుని గట్టిగా ఏడుస్తారు, కాసేపు మామూలుగా ఉండి మళ్లీ ఏడుస్తారు. పచ్చటి వాంతులు, జెల్లీలా నెత్తురు కలిసిన విరేచనం కనిపిస్తే గ్యాస్ మందులు పోస్తూ కూర్చోవద్దు. స్కానింగ్, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. ఇదివరకే పేగు అలా చిక్కుకున్న పిల్లలకి మాత్రం ఈ చుక్కలు వేయం.

డాక్టర్ గారి తమ్ముడు: మా అన్నయ్య 15 దాటితే వేయడు. ఎవరి బాధ్యత వాళ్లది.

సునీత: ఆయన రూలు ఆయనది. మా దగ్గర రూలు ఏడాది.

మాష్టారు: ఇంతకీ నీళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

లక్కీ వాళ్ళమ్మ: థాంక్స్ సిస్టర్. బుధవారం తీసుకెళ్తాం. జలుబుందిగా వద్దంటున్నారు మా అత్తగారు.

ప్రసాద్: జలుబుకి ఆపక్కర్లేదు.