అపార్ట్‌మెంట్ వైఫై: 80 మెగాహెర్ట్జ్ ఉంచాలా, 40కి దించాలా?

సీతమ్మధార రమ్య: ఐదంతస్తుల బిల్డింగ్, మాది మూడో ఫ్లోర్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. హాల్లో బానే ఉంటుంది, రాత్రి 8 దాటాక బెడ్‌రూమ్‌లో ఆఫీస్ కాల్ తెగిపోతోంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ విడ్త్ 80 ఉంది. ఒకరు 40 పెట్టమన్నారు, ఇంకొకరు స్పీడ్ సగం అయిపోద్దన్నారు. ఏది కరెక్టు?

ఆర్కే బీచ్ బాబు: 80 కదపకండి. పక్క ఛానెల్ బిజీగా ఉంటే ఇప్పటి రౌటర్లు ఆ ప్యాకెట్ వరకు వాటంతటవే 40కో 20కో దిగుతాయి. చేత్తో తగ్గిస్తే రాత్రి రెండింటికి ఖాళీగా ఉన్నప్పుడు కూడా స్పీడ్ పోగొట్టుకోడమే.

కంచరపాలెం మేస్త్రి: బాబు గారు చెప్పింది సగం నిజం. దిగుతుంది, కానీ రౌటర్ తన చెవికి వినబడింది చూసి దిగుతుంది. రౌటర్ హాల్లో ఉంది, లాప్‌టాప్ బెడ్‌రూమ్‌లో ఉంది, బెడ్‌రూమ్ గోడవతల ఫ్లాట్ రౌటర్ లాప్‌టాప్‌కి గట్టిగా వినబడుతుంది, హాల్లో ఉన్న మీ రౌటర్‌కి వినబడదు. ఖాళీయే అనుకుని అది మొత్తం 80 మీద పంపేస్తుంది, అందులో ఒక్క 20 ముక్క మీద పక్కింటివాళ్ల సిగ్నల్ పడినా ప్యాకెట్ పాడవుతుంది, మళ్లీ పంపాలి, నాలుగుసార్లు ఇలా అయ్యేసరికి రౌటర్ రేటు తగ్గించేస్తుంది. డౌన్‌లోడ్‌లో ఇది తెలీదు, కాల్‌లో తెలుస్తుంది. పైగా ఉన్న పవర్‌నే 80 మీద పరిస్తే 40 కంటే 3 డీబీ పల్చబడుతుంది, రెండు గోడల అవతల ఆ 3 డీబీ చిన్న విషయం కాదు.

గాజువాక శ్రీను: నాదీ సేమ్ ప్రాబ్లమ్ అన్నా, 40 నుంచి 20కి దించాను, సెట్ అయిపోయింది. నాది 2.4.

కంచరపాలెం మేస్త్రి: శ్రీనూ అది వేరే కథ. 2.4లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మూడే, అక్కడ అపార్ట్‌మెంట్లో 40 అనే మాటే వద్దు. రమ్య గారూ, బెడ్‌రూమ్‌లో నిలబడి ఫోన్లో వైఫై ఎనలైజర్‌తో చూసి చెప్పండి, హాల్లో చూస్తే లాభం లేదు. రాత్రి లాప్‌టాప్ నుంచి ఇది కూడా నడపండి, మీ రౌటర్ అడ్రస్ వేసి:

```
ping -t 192.168.1.1
```

కాల్ తెగినప్పుడు ఇక్కడ నంబర్లు వందల్లోకి పోతే తప్పు వైఫైది. ఇక్కడ 3, 4 మిల్లీసెకన్లే ఉండి కాల్ తెగితే లైన్‌ది, అప్పుడు విడ్త్ ఎంత మార్చినా దండగ.

సీతమ్మధార రమ్య: చూశానండి. ఛానెల్ 36 దగ్గర నాది కాక ఐదు నెట్‌వర్కులు, అన్నీ 80. 149 దగ్గర రెండు, అవి 40. పింగ్ మామూలుగా 5, తెగేటప్పుడు 300, 400, మధ్యలో టైమవుట్. అయితే 40కి మార్చేయనా?

కంచరపాలెం మేస్త్రి: ఆగండి, 36 మీదే ఉండి 40కి దించితే పెద్దగా ఒరిగేదేం లేదు. ఆ ఐదూ 36 నుంచి 48 దాకా పరుచుకుని ఉన్నాయి, మీరు 40 అయినా వాళ్ల మధ్యలోనే, పైగా అదే డేటాకి రెట్టింపు టైం గాలి వాడుకుంటారు, అందరికీ ఇంకా ఆలస్యం. 149 మీద 80 పెట్టినా ఆ ఇద్దరి మీదే కూర్చుంటారు. వాళ్లు 149, 153 వాడుతున్నారు కాబట్టి 157, 161 ఖాళీ. ఛానెల్ 157, విడ్త్ 40. రెండు యాంటెన్నాల ఏసీ వైఫై ఉన్న లాప్‌టాప్‌కి 80లో లింక్ స్పీడ్ 866 అయితే 40లో 400, మీ ప్లాన్ 100. ఏం పోదు.

ఆర్కే బీచ్ బాబు: ఇంట్లో హార్డ్ డిస్క్ నెట్‌వర్క్‌లో పెట్టి సినిమాలు కాపీ చేసుకునేవాడికి పోతుంది గురూ, నాకు పోయింది. అయినా ఛానెల్ 100 దగ్గర ఖాళీయే కదా, అక్కడ 80 పెట్టుకోమనొచ్చుగా?

పోర్టు ఏరియా వాసు: నేను 100 మీద 80 పెట్టి చూశా బాబన్నా. ఉన్నట్టుండి ఛానెల్ మారిపోయేది, లాగ్‌లో రాడార్ అని పడేది. 80లో ఏ ముక్క మీద రాడార్ అనిపించినా మొత్తం ఖాళీ చేయాల్సిందే, మళ్లీ అలాంటి ఛానెల్ మీదకే వెళ్తే ముందు నిమిషం పాటు విని గానీ మొదలవ్వదు. నిజంగా రాడారో, రౌటర్ భ్రమో తేల్చుకోలేకపోయా.

ఆర్కే బీచ్ బాబు: మా ఇంట్లో 100 మీద నెలలుగా కదల్లేదు మరి.

సీతమ్మధార రమ్య: 157, 40 పెట్టా. బెడ్‌రూమ్‌లో రాత్రి పింగ్ పది లోపే, అప్పుడప్పుడు 40, 50. టైమవుట్లు లేవు, స్పీడ్ 90 పైనే. కానీ మా అత్తగారి పాత ఫోన్లో 5 గిగాహెర్ట్జ్ పేరే కనబడ్డం లేదిప్పుడు!

కంచరపాలెం మేస్త్రి: ఆ ఫోన్ 149 పైన వినదేమోనండి, కొన్ని పాతవి అంతే. ఆవిడకి 2.4 ఇచ్చేయండి, 20లో.

ఆర్కే బీచ్ బాబు: రేపు పైఫ్లోర్ వాళ్లు కూడా ఈ థ్రెడ్ చదివి 157కే వస్తే?

కంచరపాలెం మేస్త్రి: అప్పుడు వాళ్లు 157, ఈవిడ 161, ఇద్దరూ 20. లింక్ 173కి పడుతుంది, 100 ప్లాన్‌కి బొటాబొటీ. అది రమ్య గారు ఒప్పుకుంటారో లేదో మరి.