కాబోయే భర్త బౌద్ధుడు: ధమ్మచక్ర దినానికి మరాఠీలో ఏం రాయాలి?

రాజురా_అమ్మాయి
మాది చంద్రపూర్ జిల్లా రాజురా. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. నాకు నిశ్చయమైన అబ్బాయి మరాఠీ బౌద్ధుడు, వాళ్ల తాతగారి కాలం నుంచీ బౌద్ధమే. పెళ్లికి ముందు వస్తున్న ధమ్మచక్ర ప్రవర్తన దినానికి అతనికీ, వాళ్ల అమ్మగారికీ మరాఠీలో మెసేజ్ పెట్టాలనుకుంటున్నాను. మరాఠీ మాట్లాడతాను కానీ ఇలాంటి సందర్భంలో ఏం రాస్తారో తెలియదు. దసరా రోజున పెట్టాలా, అక్టోబర్ 14న పెట్టాలా? నేను ‘జయ్ భీమ్’ అనొచ్చా? మా ఇంట్లో దసరాకు జమ్మి పూజ, బతుకమ్మ అన్నీ ఉంటాయి. రెండూ కలిసిపోతాయేమోనని కొంచెం టెన్షన్‌గా ఉంది.

ధర్మాబాద్_చాయ్
ఇందులో టెన్షన్ ఎందుకమ్మా? దశావతారాల్లో బుద్ధుడు ఉన్నాడు కదా, వాళ్లదీ మనదీ ఒకటే. దసరా రోజున ‘విజయాదశమీచ్యా హార్దిక్ శుభేచ్ఛా’ అని పెట్టేయండి, ఇద్దరికీ సరిపోతుంది. పైన అమ్మవారి బొమ్మ వద్దులెండి, ఒక పువ్వు చాలు.

బల్లార్పూర్_అల్లుడు
అన్నా, బొమ్మ వద్దన్నది సరే. మొదటి మాట మాత్రం ఆ ఇంట్లో అనకూడనిది. ధమ్మచక్ర ప్రవర్తన దినం అంటే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధ దీక్ష తీసుకున్న రోజు. అప్పుడు ఆయన 22 ప్రతిజ్ఞలు చేయించారు. బ్రహ్మ విష్ణు మహేశ్వరులను, రాముణ్ణి, కృష్ణుణ్ణి, గౌరీ గణపతులను పూజించను అనేవి అందులో మొదట్లోనే వస్తాయి. అయిదోది బుద్ధుడు విష్ణువు అవతారం అన్న మాటను నమ్మనని. దీక్ష తీసుకున్న ఇళ్లలో ఈ ప్రతిజ్ఞలు పెద్దవాళ్లకు నోటికి వచ్చి ఉంటాయి. మనం కలుపుకొని పోదామని ఆ మాట అంటాం, వాళ్లకు మాత్రం తాతగారు వదిలేసి వచ్చినదాన్ని మళ్లీ చేతిలో పెట్టినట్టు వినిపిస్తుంది.

నేను బౌద్ధుల ఇంటి అల్లుణ్ణి. మా అత్తగారింట్లో గోడ మీద ఉండేవి రెండే ఫొటోలు, బుద్ధుడిదీ బాబాసాహెబ్‌దీ. మన ఇళ్లలోలా పండుగ మెసేజ్ అంటే దేవుడి బొమ్మ అనే లెక్క అక్కడ లేదు. బొమ్మ కావాలంటే అశోక చక్రమో, పంచశీల జెండానో పెట్టండి.

ఇక ఏ రోజు అన్నది. 1956లో అక్టోబర్ 14 విజయదశమి రోజే పడింది. అశోకుడు బౌద్ధం వైపు తిరిగిన రోజని వాళ్లు దాన్ని అశోక విజయాదశమి అంటారు. తిథి ఏటా మారుతుంది, తారీఖు మారదు. నాగపూర్ దీక్షాభూమిలో పెద్ద కార్యక్రమం దసరా తిథికే జరుగుతుంది. ఇళ్లలో మాత్రం 14ను కూడా గుర్తుపెట్టుకుంటారు. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది, మధ్యలో పన్నెండు రోజుల తేడా. మీకైతే ఇంకో సంగతి కూడా ఉంది. బాబాసాహెబ్ నాగపూర్ నుంచి చంద్రపూర్ వచ్చి 16న అక్కడా దీక్ష ఇచ్చారు. అందుకే చంద్రపూర్ దీక్షాభూమిలో 15, 16 తేదీల్లో జనం పోగవుతారు. వాళ్ల తాతగారు దీక్ష ఎక్కడ తీసుకున్నారో ఒకసారి అడగండి. చంద్రపూర్‌లో అయితే ఆ ఇంటికి 16వ తేదీయే దగ్గరది.

పర్లాకిమిడి_బాబాయ్
మాది ఒడిశాలో గజపతి జిల్లా. అశోకుడు అనగానే మేం వచ్చేస్తాం, జౌగఢ శాసనం మా పక్క గంజాం జిల్లాలోనే ఉంది. నా భార్య ఒడియా క్రిస్టియన్. క్రిస్మస్‌కు నేను ఏటా ఒడియాలోనే ‘బడదినర శుభేచ్ఛా’ అని చెబుతాను, మా మామగారు ముచ్చటపడిపోతారు. గుడ్ ఫ్రైడేకి మాత్రం శుభాకాంక్షలు చెప్పను, ఆ రోజు గుడికి తోడు వెళ్లి వస్తానంతే. బౌద్ధుల్లో కూడా అలా శుభాకాంక్షలు చెప్పకూడని రోజు ఏదైనా ఉందా?

బల్లార్పూర్_అల్లుడు
ఉంది బాబాయ్, మంచి మాట అడిగారు. డిసెంబర్ 6, బాబాసాహెబ్ వర్ధంతి. మహాపరినిర్వాణ దినం అంటారు. ఆ రోజు ‘శుభేచ్ఛా’ అన్న మాటే రాకూడదు. ‘మహాపరినిర్వాణ్ దినీ బాబాసాహెబాంనా వినమ్ర అభివాదన్’ అని రాస్తారు. పేరు చివర ‘దినం’ ఉందని పువ్వులూ బెలూన్లూ ఉన్న స్టిక్కర్ పంపేవాళ్లను మా ఆఫీస్ గ్రూపులో చూశాను. ఎవరూ పైకి ఏమీ అనరు, జవాబు మాత్రం రాదు. ఏప్రిల్ 14 జయంతికీ, బుద్ధ పౌర్ణిమకూ సంతోషంగా శుభాకాంక్షలు చెప్పొచ్చు.

గడ్చాందూర్_కుర్రోడు
ఇంత ఎందుకు అక్కా, ‘జయ్ భీమ్’ అని రెండు ముక్కలు, ఒక నీలం గుండె. అయిపోయింది.

నాందేడ్_టీచరమ్మ
గుండె సంగతి అటుంచండి. నా అభిప్రాయం, ‘జయ్ భీమ్’ వాళ్లు ఒక పోరాటంలోంచి తెచ్చుకున్న పలకరింపు. మన ఇంట్లో ఎవరైనా వాళ్ల గురించి చులకనగా మాట్లాడుతుంటే నోరు మెదపకుండా ఉండి, ఫోన్‌లో మాత్రం జయ్ భీమ్ అంటే అది నాకు నచ్చదు. ఈ అమ్మాయిని అనడం లేదు. అతను ముందు అంటే తిరిగి అనడం మర్యాద. తానే మొదలుపెట్టాలా అంటే, నేనైతే ఆగుతాను.

బల్లార్పూర్_అల్లుడు
టీచరమ్మగారూ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. మా అత్తగారు నేను ముందుగా జయ్ భీమ్ అన్న రోజు నుంచే నన్ను ‘జావయి’ అని మనసారా పిలిచారు. కానీ అది మా ఇంటి సంగతి, అందరిళ్లలో అలాగే ఉంటుందని చెప్పలేను.

రాజురా అమ్మా, మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది. అతనికి: ‘తులా ధమ్మచక్ర ప్రవర్తన్ దినాచ్యా మనాపాసూన్ శుభేచ్ఛా. హా దివస్ తుఝ్యాసాఠీ కితీ మహత్త్వాచా ఆహే, హే మలా మాహీత్ ఆహే. పుఢచ్యా వర్షీ దీక్షాభూమీవర్ దోఘం మిళూన్ జాఊ.’ చివరి వాక్యం, అంటే వచ్చే ఏడాది దీక్షాభూమికి ఇద్దరం కలిసి వెళ్దాం అన్నది, వెళ్లే ఉద్దేశం ఉంటేనే రాయండి. వచ్చే ఏడాది మీ ఇంట్లో బతుకమ్మ, అక్కడ దీక్షాభూమి ఒకే వారంలో పడొచ్చు, ముందే మాట్లాడుకోండి.

అమ్మగారికి ‘నీకు’ అనే అర్థం వచ్చే ‘తులా’ పనికిరాదు: ‘ఆఈ, తుమ్హాలా ఆణి ఘరాతల్యా సగళ్యాంనా ధమ్మచక్ర ప్రవర్తన్ దినాచ్యా హార్దిక్ శుభేచ్ఛా.’ ఆవిడకు గ్రూపులో కాకుండా విడిగా పెట్టండి. పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని వందనకు వెళ్తారు కాబట్టి అంతకుముందే చేరితే ఇంకా మంచిది. ఎక్కడైనా పేరు రాయాల్సి వస్తే ‘బాబాసాహెబ్’ అనండి, వట్టి ఇంటిపేరు రాయకండి.

ధర్మాబాద్_చాయ్
అవతారం సంగతి వెనక్కి తీసుకుంటున్నా. మరి జమ్మి ఆకు? మరాఠీవాళ్లు కూడా దసరాకు ఆప్టా ఆకు ఇచ్చి ‘సోనం ఘ్యా’ అంటారు కదా, ఆ ఇంట్లో ఇవ్వొచ్చా?

బల్లార్పూర్_అల్లుడు
మా వీధిలోనే రెండు రకాల బౌద్ధ ఇళ్లు ఉన్నాయి. ఒకరు స్నేహం కొద్దీ తీసుకుని జేబులో పెట్టుకుంటారు, ఇంకొకరు నవ్వి చేతులు జోడిస్తారు. నేనైతే తీసుకెళ్లను.

రాజురా_అమ్మాయి
అతన్ని అడిగాను. తాతగారు చంద్రపూర్‌లోనే, 16న దీక్ష తీసుకున్నారట. ఈ సంగతి నేను అడిగానని వాళ్ల అమ్మగారికి అప్పుడే చెప్పేశాడు! ఆవిడకు 16న పెడతాను, అతనికి 14న. జయ్ భీమ్ గురించి అడిగితే, ‘నీకు అనాలనిపించిన రోజు అను’ అన్నాడు. మా నాన్నగారు జమ్మి ఆకు తీసుకెళ్తానంటున్నారు, ఆయనకు ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి.

పర్లాకిమిడి_బాబాయ్
నాన్నగారికి ఆకు బదులు స్వీట్ బాక్స్ ఇచ్చి పంపమ్మా. ఆయన చేయి ఖాళీగా ఉండకూడదు, అదే ఆయన బాధ.