బరువు తగ్గేటప్పుడు ప్రొటీన్ లెక్క ఏ బరువు మీద కట్టాలి? 125 గ్రాములా, 75 గ్రాములా?

బెంజి సర్కిల్ అమ్మాయి:
వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. గుడ్డు కూడా తినను. జిమ్‌లో ట్రైనర్ కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 125 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. రోజంతా పప్పు తిన్నా అంత రావడం లేదు, పైగా కడుపు ఉబ్బరం. మా అత్తయ్యగారేమో 50 చాలంటారు. ఏ బరువుతో గుణించాలి? థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. వారానికి మూడు రోజులు బరువులు ఎత్తుతున్నాను.

డంబెల్ రాజు:
మేడం, మీ ట్రైనర్ చెప్పింది తక్కువే. నేను ఆరేళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నాను. తిండి తగ్గించినప్పుడు ప్రొటీన్ కూడా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన ప్రయోగం చూడండి. క్యాలరీలు నలభై శాతం కోసి, కిలోకు 2.4 తిన్నవాళ్లకు నాలుగు వారాల్లో కండ 1.2 కిలోలు పెరిగింది, కొవ్వు కూడా ఎక్కువ కరిగింది. పప్పును నేను ప్రొటీన్ లెక్కలో వేయను, అది సగం పిండిపదార్థమే. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పౌడర్ రోజుకు మూడు స్కూపులు తీసుకోండి, లెక్క సరిపోతుంది.

తార్నాక పాతకాపు:
హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది కిలోకు 0.83 గ్రాములు. 78 కిలోలకు 65 గ్రాములు అవుతుంది. ప్రభుత్వ సంస్థ అంత స్పష్టంగా చెప్పాక ఈ 1.6, 2.4 ఎందుకు? పౌడర్లు అమ్ముకోవడానికే ఇదంతా.

మూడు పుల్కాలు:
అక్కా, ముందు అన్నం మానేయండి. నేను రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటే నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. ప్రొటీన్ లెక్కే పెట్టలేదు.

బెంజి సర్కిల్ అమ్మాయి:
తమ్ముడూ, బరువు తగ్గుతోంది. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. పోయేది కొవ్వా, కండా అన్నదే నా టెన్షన్.

వంటింటి డైటీషియన్:
ఇరవై ఏళ్లుగా సికింద్రాబాద్‌లో డైటీషియన్‌గా పని చేస్తున్నాను. గుణించాల్సింది 78తో కాదండి. ప్రొటీన్ అవసరం ముఖ్యంగా కండకీ లోపలి అవయవాలకీ. అదనంగా పేరుకున్న కొవ్వుకు కావలసింది చాలా కొద్ది. మీ ఎత్తుకు బీఎంఐ 25 దగ్గర బరువు సుమారు 62 కిలోలు. నేను ఆ 62తోనే లెక్క కడతాను. కిలోకు 1.2 అయితే 75 గ్రాములు, 1.6 అయితే దాదాపు 100. ఈ రెంటి మధ్య ఎక్కడున్నా మీకు మంచిదే. ఇప్పటికే సన్నగా ఉన్న మనిషికి ఈ తేడా రాదు, అసలు బరువుతోనే గుణించుకోవచ్చు. బరువు ఎంత ఎక్కువుంటే తప్పు అంత పెద్దదవుతుంది.

పాతకాపుగారూ, 0.83 అనేది బరువు నిలకడగా ఉన్న ఆరోగ్యవంతుడికి లోటు రాకుండా ఉండే మోతాదు. అదీ మంచి నాణ్యత ఉన్న ప్రొటీన్‌కు. ధాన్యాల మీదే ఎక్కువగా ఆధారపడే భోజనానికి అదే సంస్థ కిలోకు 1 గ్రాము అంది. తిండి తగ్గించినప్పుడు శరీరం కొంత ప్రొటీన్‌ను శక్తి కోసం కూడా కాల్చేస్తుంది, అందుకే ఆ అంకె అప్పుడు సరిపోదు.

రాజుగారూ, మీరు చెప్పిన ప్రయోగం నిజమే. కానీ అందులో రెండో గుంపును కూడా చూడండి. వాళ్లు కిలోకు 1.2 తిన్నారు, అదే కఠినమైన వ్యాయామం చేశారు. వాళ్ల కండ పెరగలేదు, తగ్గనూ లేదు. బరువులు ఎత్తుతూ 1.2 తింటే ఉన్న కండ నిలిచిందని నాకు అందులో కనిపిస్తోంది. పైగా వాళ్లు యువకులు, వారానికి ఆరు రోజులు వ్యాయామం, నడిచింది నాలుగే వారాలు. ఈవిడకు 38 ఏళ్లు, ఇల్లూ ఉద్యోగమూ చూసుకోవాలి, నెలల తరబడి నడపాలి.

డంబెల్ రాజు:
ఒప్పుకుంటాను, ఆ రెండో గుంపు సంగతి నేను పట్టించుకోలేదు. కానీ వాళ్లు తాగింది వే. శాకాహారి పప్పు నుంచి తెచ్చుకునే 75, వే నుంచి వచ్చే 75 ఒకటి కావు. జీర్ణమయ్యే శాతం తక్కువ, లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు ఒక దాంట్లో ఉంటే ఇంకో దాంట్లో ఉండవు. శాకాహారికి పది, ఇరవై శాతం పైన వేయాల్సిందే.

వంటింటి డైటీషియన్:
పప్పులో లోటుగా ఉండేది బియ్యంలో ఉంటుంది, బియ్యంలో లోటు పప్పు తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, ఆ రోజులో రెండూ పడితే చాలు. పాలూ పెరుగూ ఉన్నచోట ఆ బెంగ ఇంకా తగ్గుతుంది. అయినా మీ మాటలో బలం ఉంది. పాలు కూడా తాగనివాళ్లకు నేను 1.6 వైపే వెళ్తాను. పాలూ పెరుగూ ఉన్నవాళ్లకు ఎంత కలపాలన్నది నేను కచ్చితంగా తేల్చి చెప్పను.

శాకాహారికి అసలు ఇబ్బంది క్యాలరీలతో వస్తుంది. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు, దాంతో పాటు 330 క్యాలరీలు. 75 నుంచి 125కి వెళ్లడానికి కావలసిన 50 గ్రాములు పప్పుతోనే తేవాలంటే ఇంకో 230 గ్రాముల పప్పు వండాలి. అంటే 760 క్యాలరీలు. మీరు రోజుకు 1500లో ఉండాలనుకుంటే సగం అక్కడే అయిపోతుంది. ఉబ్బరం ఎందుకు వస్తోందో కూడా అర్థమవుతుంది.

నేను మీకు చెప్పే రోజు ఇలా ఉంటుంది. పొద్దున 60 గ్రాముల పెసలు నానబెట్టి పెసరట్టు, 14 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల పెరుగు, కూర. అవి కలిపి ఇరవై, ఇరవై ఒకటి. సాయంత్రం గ్లాసు టోన్డ్ పాలు, గుప్పెడు వేయించిన సెనగలు, ఇంకో 13. రాత్రి రెండు పుల్కాలు, 40 గ్రాముల మీల్ మేకర్ కూర. మీల్ మేకర్‌లో వందకు 52 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి ఆ కూరే 21 ఇస్తుంది, పుల్కాలతో కలిపి 27. మొత్తం 75. నూనె మూడు చెంచాలు దాటకపోతే 1500 క్యాలరీల దగ్గర ఆగుతుంది. సెనగల బదులు ఒక స్కూపు వే వేస్తే క్యాలరీలు దాదాపు అంతే, ప్రొటీన్ మాత్రం 93కి చేరుతుంది. పౌడర్ తప్పనిసరి కాదు. క్యాలరీలు పెంచకుండా ప్రొటీన్ పెంచడానికి అదొక తేలిక దారి, అంతే.

మీల్ మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి పారబోయండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటారు కదా, దాని దగ్గర్లో సోయా, పాలు రాకూడదు, మాత్ర ఒంటికి సరిగా పట్టదు. అందుకే సోయాను రాత్రికి పెట్టాను. కొత్తగా రోజూ సోయా మొదలుపెడితే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోండి.

గుంటూరు సాంబయ్య:
మా నాన్నగారికి క్రియాటినిన్ 2.1 వచ్చింది. డాక్టర్ పప్పు కూడా తగ్గించమన్నారు. మీరంతా 100, 125 అని మాట్లాడుతుంటే భయం వేస్తోంది. ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయి.

వంటింటి డైటీషియన్:
సాంబయ్యగారూ, మీ నాన్నగారికి మీ డాక్టర్ చెప్పిందే సరైనది, ఈ లెక్కలేవీ ఆయనకు వర్తించవు. దెబ్బతిన్న కిడ్నీకి ప్రొటీన్ భారమవుతుంది. బాగున్న కిడ్నీ ఈ మోతాదులతో చెడిపోతుందని మాత్రం అనలేం. అయితే షుగర్, బీపీ ఉన్నవాళ్లు ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే పెంచాలి. షుగర్ ఉన్న చాలామందికి కిడ్నీ దెబ్బతిన్నట్టు ఆలస్యంగా తెలుస్తుంది, నేను అలాంటివాళ్లను చూసి బాధపడ్డాను.

బెంజి సర్కిల్ అమ్మాయి:
నాకు షుగర్, బీపీ లేవు. పోయిన నెల చేయించిన క్రియాటినిన్ మామూలుగానే ఉంది.

మీరు చెప్పాక పప్పు తూకం వేశాను. నలుగురికి కలిపి ఒక గ్లాసు, అంటే 100 గ్రాములు వండుతున్నాం. నా వాటా 25 గ్రాముల పప్పు. ఐదున్నర గ్రాముల ప్రొటీన్. నేను గిన్నెడు ఉడికిన పప్పును నెట్‌లో చూసి 20 గ్రాములని రాసుకుంటున్నాను! రోజుకు 70 తింటున్నానని నమ్మాను, కూర్చుని మళ్లీ లెక్కేస్తే 41 వచ్చింది.

వంటింటి డైటీషియన్:
నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. నెట్‌లో చాలాచోట్ల ఉండేది పచ్చి పప్పు లెక్క, మన గిన్నెలో మూడొంతులు నీళ్లు. వండకముందే తూకం వేసి, మనుషుల సంఖ్యతో భాగించండి. పన్నీర్‌దీ అదే కథ, వందకు 18 గ్రాములు ప్రొటీన్ ఉన్నా, దాంట్లో 260కి పైగా క్యాలరీలు, ఎక్కువ భాగం వెన్న. వేరుశెనగలు వందకు 25 ఇచ్చినా క్యాలరీలు 550 దాటుతాయి. వాటిని ప్రొటీన్ కోసం తింటే బరువు తగ్గడం ఆగిపోతుంది.

తార్నాక పాతకాపు:
41 అంటే 0.83 ప్రకారం కూడా తక్కువే. ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. మా ఇంట్లో కూడా రేపు తూకం వేసి చూస్తాను.

డంబెల్ రాజు:
మేడం, ఒక్క మాట. 75కి వెళ్తే ఫర్వాలేదేమో గానీ, నేనైతే 95 దాకా తీసుకెళ్తాను. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు, 41 గ్రాములతో. ఇప్పటిదాకా పోయిందాంట్లో కండ ఎంతో మనకు తెలియదు. స్క్వాట్‌లో మీ బరువులు పెరుగుతున్నాయా?

బెంజి సర్కిల్ అమ్మాయి:
మొదటి నెల పెరిగాయి. 30 కిలోలతో పది చేసేదాన్ని, ఈ మూడు వారాల్లో తగ్గుతూ వచ్చి ఇప్పుడు ఏడు దగ్గర ఆగిపోతున్నాను. నడుము కొలత మాత్రం మూడు సెంటీమీటర్లు తగ్గింది.

వంటింటి డైటీషియన్:
నడుము తగ్గడం మంచి గుర్తు. పది నుంచి ఏడుకు పడిపోవడం మంచిది కాదు, నిద్ర, నెలసరి కూడా కారణం కావచ్చు గానీ, మూడు వారాలు వరసగా తగ్గితే తిండి తక్కువైందనే అనుకోవాలి. ముందు 75కి తేండి, వారం వారం కొద్దికొద్దిగా, లేకపోతే ఉబ్బరం మళ్లీ వస్తుంది. నాలుగు వారాలయ్యాక కూడా ఆ పది రాకపోతే రాజుగారు చెప్పిన 95 వేసి చూడండి. వారానికి అరకిలో మించి తగ్గుతుంటే ముందు క్యాలరీలు కొంచెం పెంచండి, ప్రొటీన్ సంగతి తర్వాత.

డంబెల్ రాజు:
ఇంతకాలం అందరికీ ఉన్న బరువుతోనే గుణించి చెప్పాను. 100 కిలోలున్న ఒకాయనకు 200 గ్రాములు రాసిచ్చాను, నెలలోనే మానేశారు. ఆయనకు ఫోన్ చేసి మళ్లీ లెక్క కట్టి ఇస్తాను. కానీ 75 వైపు నేనింకా రాలేదు మేడం, నాలుగు వారాలయ్యాక స్క్వాట్ ఎంత వచ్చిందో ఇక్కడే చెప్పండి.

బెంజి సర్కిల్ అమ్మాయి:
తప్పకుండా చెబుతాను. ఈ రాత్రికి నా వాటా 40 గ్రాముల మీల్ మేకర్ తూచాను. మా అత్తయ్యగారు కూడా రుచి చూస్తానన్నారు, అందుకని మొత్తం 80 నానబెట్టాను.