బల్ల మీద బౌండరీ మైకా, పైకప్పు మైకా? మీటింగు రికార్డింగుకి సలహా కావాలి

తిరుచానూరు రోడ్డు
తిరుపతిలో మా అసోసియేషన్ మీటింగు గది 30 అడుగుల పొడవు, 16 వెడల్పు, 10 ఎత్తు. కింద టైల్స్, ఒక పక్కంతా అద్దాలు, పైన రెండు ఫ్యాన్లు, గోడకి ఏసీ. 20 అడుగుల బల్ల చుట్టూ 12 మంది కూర్చుంటారు. మినిట్స్ రాసుకోవడానికి మాట తెలిస్తే చాలు. ఇప్పుడు బల్ల మధ్యలో ఒక్క రికార్డరు పెడుతున్నాం, చివరివాళ్ల మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటోంది. పైకప్పుకి రెండు మైకులు బిగిస్తే బల్ల ఖాళీగా ఉంటుందని సెక్రటరీగారి పట్టు. బల్ల మీద ఆనించి పెట్టే బౌండరీ మైకులా, పైకప్పువా, ఏది తీసుకోమంటారు?

గెయిన్ రాజు
దీనికి కొత్త మైకులెందుకన్నా? ఉన్నదానికే గెయిన్ పెంచు, తర్వాత కంప్యూటర్లో నాయిస్ తీసెయ్. ఫ్యాన్ హోరు నేను అలాగే తీస్తా.

కాణిపాకం సౌండ్స్
ఫ్యాన్ హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కొంత పోతుంది, అది నిజమే. ఇక్కడ అసలు గొడవ గది మోత. గెయిన్ పెంచితే మాటతో పాటు మోత కూడా అంతే పెరుగుతుంది.

మైకు నుంచి దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే మోత మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ కొలతలకి, చప్పట్లు కొడితే సెకను దాకా మోగే గదిలో, ఉపరితలానికి ఆనించిన, అన్నివైపులా వినే బౌండరీ మైకుకి మూడడుగుల దగ్గర రెండూ సమానమవుతాయి. కూర్చున్నవాళ్ల నోరు నేల నుంచి నాలుగడుగుల ఎత్తు, కప్పు పది. సరిగ్గా నెత్తిన మైకు ఉన్నా ఆరడుగులు. అంటే మాట కంటే మోత 6 డెసిబెల్స్ ఎక్కువ. పైగా మన నోరు ముందుకి మాట్లాడుతుంది, పైకి కాదు. స, త లాంటి అక్షరాలు ముందే పలచబడతాయి. ఫ్యాన్ కూడా మైకు పక్కనే తిరుగుతుంది.

చిత్తూరు శివ
మా ఫంక్షన్ హాల్లో కూడా ఇదే బాధ సార్. మైకు పైన పెడితే కుయ్యోమంటుంది. ఈక్వలైజర్ ఏది కొనాలి?

కాణిపాకం సౌండ్స్
శివగారూ, మీది స్పీకరు శబ్దం మళ్లీ మైకులో పడటం. ఈ గదిలో స్పీకరే లేదు. మీరు వేరే చర్చ పెట్టండి, హాలు కొలతలు కూడా రాయండి.

తిరుచానూరు రోడ్డు
అయితే బల్ల మీదే. ఎన్ని కావాలి?

కాణిపాకం సౌండ్స్
గుండ్రంగా అన్నివైపులా వినేవి మూడు. మధ్య గీత మీద, రెండు చివరల నుంచి మూడున్నర అడుగులకి ఒక్కోటి, నడిమధ్య ఇంకోటి. ఒక్కో మైకుకి ఎదురెదురుగా నలుగురు, ఎవరైనా మూడున్నర అడుగుల లోపే ఉంటారు. ఒకవైపే వినే బౌండరీలు ఆరు పెడితే ఇద్దరికొకటి వచ్చి మాట ఇంకా శుభ్రంగా ఉంటుంది, కానీ ఆరు ఛానళ్ల రికార్డరు కావాలి. రికార్డరులో మైకుకి కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ ఉందో లేదో ముందే చూసుకోండి. అది ఆన్ చెయ్యకపోతే ఇలాంటి కండెన్సర్ మైకులు పలకవు.

మూడింటినీ ఒకే ట్రాకులో కలిపెయ్యకండి. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ గది శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. దేని ట్రాకు దానికి ఉంచితే, వినేటప్పుడు మాట్లాడేవారి దగ్గరిదే ఉంచి మిగతావి తగ్గించుకోవచ్చు.

మంగళం మినిట్స్
మినిట్స్ టైపు చేసేది నేనే కాబట్టి చెప్తున్నా: బల్ల మైకులో కాగితాల గరగర, టీ గ్లాసు పెట్టిన దెబ్బ, ఫోను వైబ్రేషను చెవులు చిల్లులు పడేలా వస్తాయి. ఎవరో ఒకరు ఫైలు తెచ్చి మైకు మీదే పెడతారు!

కాణిపాకం సౌండ్స్
నూటికి నూరుపాళ్లు నిజం. కింద పలుచని రబ్బరు మ్యాట్ వెయ్యండి. మందపాటి స్పాంజి వద్దు, మైకు బల్లకి ఆనుకుని ఉంటేనే దాని లాభం దక్కుతుంది. 80 హెర్ట్జ్ కింద కోసే లో కట్ ఆన్ చేస్తే దెబ్బల గుబగుబ తగ్గుతుంది, గరగర తగ్గదు. చాలామంది చూడనిది ల్యాప్‌టాప్: తెరిచిన మూత నోటికీ మైకుకీ అడ్డొస్తే ఆ మనిషి మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంది. మైకు మూత వెనకాల పడకుండా జరపండి.

రేణిగుంట ఏవీ
పైకప్పు మైకుని అంత తీసిపారెయ్యకండి. మాట వచ్చేవైపు తనంతట తానే తిరిగి వినే, చాలా మైకుల పలక ఒకటి ఉంటుంది కదా. మేము బిగించిన గదుల్లో బాగానే పనిచేస్తోంది.

కాణిపాకం సౌండ్స్
కార్పెట్, ఫాల్స్ సీలింగ్ ఉన్న గదుల్లోనా? ఈ టైల్స్, అద్దాల మధ్య నాకు నమ్మకం లేదు.

రేణిగుంట ఏవీ
అద్దాలకి మందపాటి కర్టెన్లు వేస్తే? ఆ ఖర్చు ఎలాగూ పెట్టదగిందే.

కాణిపాకం సౌండ్స్
కర్టెన్లు మైకు ఏదైనా మేలే, ముందు అవి వెయ్యమనే నేనూ చెప్తా. పలక సంగతి డెమో తెప్పించి ఫ్యాన్లు వేసి వినాలి.

తిరుచానూరు రోడ్డు
మైకు పెట్టాల్సిన చోట ఫోను పెట్టి రికార్డు చేసి చూశాం. ఫ్యాన్లు ఆపి ఏసీ ఒక్కటే వేస్తే చాలా తేడా ఉంది. మూడడుగుల దగ్గర ప్రతి మాటా తెలుస్తోంది. ఫోనుని నిచ్చెన మీంచి కప్పుకి ఆనిస్తే సెక్రటరీగారి మాటే ఆయనకి అర్థం కాలేదు. మూడు బౌండరీలకే వెళ్తున్నాం. ఒక్కటే మిగిలింది: ప్రెసిడెంటుగారు లేచి నిలబడి, బోర్డు దగ్గరికి నడుస్తూ మాట్లాడతారు. ఆయనకేం చెయ్యాలి?

గెయిన్ రాజు
కాలర్ మైకు పెట్టెయ్.

మంగళం మినిట్స్
పెట్టుకోరు. పోయినసారి అడిగి చూశాం.