సల్ఫా మాత్ర ఇంకా మూడు ఉన్నాయి, ఒంటి మీద మచ్చలు వచ్చాయి. కోర్సు పూర్తి చేయాలా?

తమ్ముడి అక్క: మా తమ్ముడికి 26 ఏళ్లు. కాలి మీద సెగ్గడ్డకి డాక్టర్ గారు కోట్రైమాక్సజోల్ డబుల్ స్ట్రెంత్ అనే సల్ఫా మాత్ర రాశారు, పూటకొకటి చొప్పున ఉదయం, రాత్రి పది రోజులు. 3వ తేదీ ఉదయం మొదలుపెట్టాడు. గడ్డ తగ్గిపోయింది. నిన్న, అంటే 10న సాయంత్రం జ్వరం 101, గొంతు నొప్పి, కళ్లు మంట. ఫ్లూ అనుకుని రాత్రి పారాసెటమాల్ ఇచ్చాం. ఈ రోజు పొద్దున సల్ఫా మాత్ర వేసుకున్నాక చూస్తే ఛాతీ మీద, మెడ మీద ముదురు ఎరుపు మచ్చలు. దురద లేదంటాడు, చొక్కా తగిలితే మాత్రం నొప్పట. సెట్రిజిన్ వేశాను. ఇంకా మూడు మాత్రలున్నాయి. యాంటీబయాటిక్ మధ్యలో ఆపకూడదంటారు కదా, పూర్తి చేయించమంటారా?

మందుల కౌంటర్: అక్కా, సల్ఫాకి దద్దుర్లు మామూలే, రోజూ చూస్తాం. ఎక్కువమందికి మందు ఆపితే వాటంతటవే పోతాయి. మీకు మిగిలింది ఒకటిన్నర రోజే, సెట్రిజిన్‌తో పాటు పూర్తి చేసేయొచ్చు. పొక్కులొస్తే కాలినచోట రాసే తెల్ల క్రీము ఉంటుంది కదా, సిల్వర్‌ది, అది రాయండి.

పాత పేషెంట్: నాకూ ఇదే సమస్య. చిన్నప్పుడు సల్ఫాకి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి. ఇప్పుడు షుగర్‌కి గ్లిమెపిరైడ్ ఇచ్చారు, అందులోనూ సల్ఫా ఉందట. మానేయాలా? సబ్బులో సల్ఫేట్ ఉన్నా భయమేస్తోంది.

రాత్రి డ్యూటీ: పాత పేషెంట్ గారూ, మీ సంగతి తర్వాత. ముందు తమ్ముడి విషయం.

అక్కా, ఆ మూడు మాత్రల్లో ఒక్కటి కూడా వేయకండి. ఈ రాత్రిది కూడా వద్దు. రాసిన డాక్టర్ ఫోన్ ఎత్తకపోయినా ఆగకుండా, చర్మ డాక్టర్, కంటి డాక్టర్ ఇద్దరూ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఇప్పుడే తీసుకెళ్లండి. నేను చర్మ వార్డులో పని చేస్తాను. మీరు రాసిన దాంట్లో నన్ను భయపెట్టింది మచ్చలు కాదు, వాటి ముందు వచ్చినవి. మందు మొదలైన ఎనిమిదో రోజున జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, అంటే మందు పడక చర్మం, నోటి లోపలి పొర, కంటి పొర ఊడిపోయే ప్రాణాంతక జబ్బు, చాలాసార్లు ఇలాగే ఫ్లూ వేషంలో వస్తుంది, మచ్చలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనబడతాయి. మందు మొదలుపెట్టాక నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు రావడం దీని లక్షణం. అంతకుముందు ఎప్పుడూ సల్ఫాతో ఇబ్బంది రాకపోయినా ఇది రావచ్చు.

రెండోది, దురద కాదు నొప్పి అన్నారు. మామూలు మందు దద్దుర్లు దురద పెడతాయి, పడ్డవాడు గోక్కుంటూ తిరుగుతాడు. ఇందులో చర్మం కాలినట్టు మండుతుంది, బట్ట తగిలితే ఓర్చుకోలేరు. పైకి కనిపించేదాని కంటే నొప్పి ఎక్కువగా ఉంటే దాన్నే నమ్మాలి.

ఇప్పుడు వెలుతురులో అతని నోరు తెరిపించి చూడండి: పెదవుల లోపల, బుగ్గల లోపల తెల్లగా చెదిరిన పొర గాని, పుండు గాని ఉందా? పెదవి ఉబ్బి రక్తం అంటుకుందా? ఉదయం కళ్లు అంటుకుపోయాయా? మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందా? సిగ్గుపడి చెప్పడు, మీరే అడగండి. మచ్చల నడుమ బూడిద రంగుగా నల్లబడుతోందా? ఏది లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఉంటే తలుపు దగ్గరే ఆ మాట గట్టిగా చెప్పండి. చర్మం ఊడుతుందేమోనని వేలితో రుద్ది చూడకండి. పాల మీద మీగడ జరిగినట్టు జరిగిపోతుంది, ఆ పుండు మనమే చేసినట్టవుతుంది.

మందుల కౌంటర్: సార్, మరి యాంటీబయాటిక్ సగంలో ఆపితే గడ్డ తిరగబెట్టదా?

రాత్రి డ్యూటీ: తిరగబెడితే వేరే మందు ఇస్తారు, దారి ఉంది. సల్ఫాకి దద్దుర్లు మామూలేనన్న మీ మాట నిజమే, చాలావరకు తేలికవే. కానీ మొదటి రోజున ఏది తేలికదో ఏది కాదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. అందుకే ఆపి చూపించుకోవడం. ఈ మాత్రలో ఉన్న సల్ఫా, అంటే సల్ఫామెథాక్సజోల్, ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు పది గంటలు పడుతుంది. ఈ రోజు ఆపితే రెండు రోజుల్లో చాలావరకు పోతుంది, రేపు ఆపితే ఆ లెక్క రేపటి నుంచి మొదలవుతుంది. త్వరగా ఆపినవాళ్లు బతికే అవకాశం ఎక్కువ. ఆపిన తర్వాత కూడా కొన్ని రోజులు మచ్చలు పెరగొచ్చు. ‘ఆపినా పెరుగుతోంది, అంటే మందు వల్ల కాదు’ అని మళ్లీ మొదలుపెట్టినవాళ్లని చూశాను. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, దీన్ని ఆపలేదు.

ఇంకొకటి. మీరు చెప్పిన తెల్ల క్రీము పేరు సిల్వర్ సల్ఫాడయజీన్. అందులోనూ సల్ఫా యాంటీబయాటిక్కే ఉంది. ఊడిన చర్మం మీద రాస్తే నేరుగా లోపలికి పోతుంది. అస్సలు వద్దు.

మందుల కౌంటర్: అయ్యో, అది తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా, వెళ్లండి. స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి, ఏ రోజు ఏం వేశారో కాగితం మీద రాసి మరీ.

తమ్ముడి అక్క: నోట్లో చూశాను. కింది పెదవి లోపల తెల్లగా చెదిరింది, నీళ్లు తాగలేకపోతున్నాడు. ఆటో వచ్చింది, వెళ్తున్నాం.

*(మూడు రోజుల తర్వాత)*

తమ్ముడి అక్క: అందరికీ నమస్కారం. అడ్మిట్ చేశారు. స్టీవెన్స్-జాన్సనే అన్నారు, చర్మం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఊడింది ఒంటిలో పదో వంతు లోపే. మొదటి రోజే కంటి డాక్టర్ వచ్చారు, రోజూ చూస్తున్నారు, కనురెప్పలు లోపల అతుక్కోకుండా. కొత్త మచ్చలు నిన్నటి నుంచి రాలేదు. ఒక డాక్టర్ మాత్రం పారాసెటమాల్ వల్ల కూడా కావచ్చన్నారు. ఇక అది కూడా జీవితాంతం మానేయాలా?

రాత్రి డ్యూటీ: మీరు రాసిన తేదీలు చూడండి. జ్వరం సాయంత్రం వచ్చింది, పారాసెటమాల్ ఆ తర్వాత వేశారు. రోగం మొదలయ్యాక వేసిన మందు మీద నింద పడటం చాలా మామూలు. నా లెక్కలో ఎనిమిది రోజుల సల్ఫానే ముద్దాయి. కానీ అంతకుముందు నెలలో అతను ఇంకేదైనా వేసుకున్నాడో నాకు తెలియదు, అక్కడున్న డాక్టర్లకి అన్నీ చెప్పి రాతపూర్వకంగా తేల్చుకోండి. కోట్రైమాక్సజోల్ మాత్రం ఇక ఎప్పటికీ కాదు, కొద్దికొద్దిగా అలవాటు చేసే పద్ధతి కూడా ఇతనికి పనికిరాదు. కార్డు మీద ‘సల్ఫా ఎలర్జీ’ అని వదిలేయకుండా ‘కోట్రైమాక్సజోల్‌తో స్టీవెన్స్-జాన్సన్’ అని రాయించండి. సల్ఫాసలజీన్ కూడా వద్దని చేర్చమనండి, కీళ్ల నొప్పులకి ఎవరో రాస్తారు.

పాత పేషెంట్: మరి నా గ్లిమెపిరైడ్?

రాత్రి డ్యూటీ: మర్చిపోలేదండీ. సబ్బులో సల్ఫేట్‌కి, ఈ సల్ఫాకి సంబంధమే లేదు, పేర్లు దగ్గరగా ఉన్నాయంతే. గ్లిమెపిరైడ్‌లో సల్ఫా ముక్క ఉన్నా యాంటీబయాటిక్‌లో గొడవ చేసే భాగం అందులో లేదు, మామూలు దద్దుర్లు వచ్చినవాళ్లు చాలామంది నిశ్చింతగా వాడతారు. అయితే మీకు చిన్నప్పుడు నోట్లో పుండ్లు, పొక్కులు వచ్చాయా, లేక దద్దుర్లేనా? దాన్ని బట్టి మాట మారుతుంది.

పాత పేషెంట్: అది అమ్మకే తెలియాలి. అడిగి చెప్తాను.